అన్ని సూదులూ ఒకేరోజు వేస్తే పాప తట్టుకుంటుందా? 16 నెలల బూస్టర్ అంటే భయంగా ఉంది

బుజ్జిఅమ్మ_నరసరావుపేట

నమస్తే అండీ. మా పాపకి మొన్ననే 16 నెలలు నిండాయి. వచ్చే బుధవారం తీసుకురమ్మని ఏఎన్ఎం గారు చెప్పి వెళ్లారు. టీకాల కార్డు తీసి చూస్తే తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో చుక్కలు, విటమిన్ ఎ మందు అన్నీ ఒకే గడిలో ఉన్నాయి. ఇంత చిన్న ఒంటికి ఒకేరోజు ఇన్ని ఎందుకు అని అడిగితే ఆవిడ "ఏం కాదమ్మా" అన్నారు. అంతకంటే చెప్పే తీరిక ఆవిడకి లేదు, బయట చాలామంది ఎదురుచూస్తున్నారు.

మా బావగారు వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. ఎంఆర్ వేశాక పిల్లలకి మాటలు పోయి ఆటిజం వస్తుందని అందులో ఒకాయన చెబుతున్నాడు. అత్తయ్య ఏమో, తట్టు ఒకసారి వచ్చిపోతేనే పిల్లలు గట్టిపడతారు, మీ ఆయనకి వస్తే వేపమండలు పెట్టాం, ఇప్పుడు బండలా ఉన్నాడు కదా అంటారు. మా పాప ఇప్పుడిప్పుడే అమ్మ, తాత, బువ్వ అంటోంది. ఆ మాటలు పోతాయేమో అని రాత్రి నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టకండి ప్లీజ్.

గోదారి_తల్లి

మా బాబుకి ప్రైవేటులో నొప్పి లేని టీకా వేయించాం అండీ. జ్వరమే రాలేదు. రేటు కాస్త ఎక్కువ. మీరూ అదే అడగండి, టెన్షన్ ఉండదు.

బుజ్జిఅమ్మ_నరసరావుపేట

నొప్పి గురించి కాదు అక్కా నా భయం. అన్నీ కలిపి వేస్తే ఒంట్లో శక్తి చాలుతుందా అని.

డాలస్_తెలుగోడు

బుజ్జిఅమ్మ గారూ, ఓవర్‌లోడ్ అనేది పూర్తిగా అపోహ. మా పిల్లల డాక్టర్ లెక్క వేసి చూపించారు. పుట్టినప్పటి నుంచి రెండేళ్ల వరకు వేసే టీకాలన్నిటిలో కలిపి శరీరం గుర్తుపట్టాల్సిన పదార్థాలు 300 చిల్లర మాత్రమే. వెనకటి తరానికి వేసిన టీకాల్లో అవి వేలల్లో ఉండేవి. అంటే టీకాలు పెరిగాయి కానీ లోడు తగ్గింది. నిశ్చింతగా వేయించండి.

పిల్లల_డాక్టర్_ఖమ్మం

డాలస్ గారు చెప్పిన లెక్క అమెరికాకి సరిపోతుంది, మనకి సరిపోదు. రేపు ఎవరైనా ఈ తేడా పట్టుకుని "చూశారా, అబద్ధం చెప్పారు" అనకుండా ముందే చెబుతున్నాను.

తేడా అంతా కోరింత దగ్గు టీకాలో ఉంది. అమెరికాలో 1990లలో దాన్ని మార్చారు. ఆ బాక్టీరియాలోంచి కొన్ని ప్రొటీన్లు మాత్రం తీసి వాడతారు. మన ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చే పెంటావాలెంట్‌లో, డీపీటీలో ఉండేది చంపేసిన మొత్తం బాక్టీరియా. ఆ ఒక్కదానిలోనే సుమారు 3,000 ప్రొటీన్లు ఉంటాయి. పుట్టగానే వేసే బీసీజీ బతికున్న బాక్టీరియా, అందులో ఇంకా ఎక్కువ. కాబట్టి మన పిల్లలు చూసే లెక్క వేలల్లోనే ఉంటుంది.

మరి అది ఎక్కువా? పాప పుట్టిన కొద్దిరోజులకే పేగుల నిండా రకరకాల బాక్టీరియా చేరి స్థిరపడతాయి. అందులో ఒక్క ఇ-కోలి తీసుకున్నా దానికి 4,000 పైన జన్యువులు ఉంటాయి. నేల మీద పాకి, చేతికి దొరికింది నోట్లో పెట్టుకునే పాప ఒక్క పూటలో ఎదుర్కొనేవాటి ముందు ఈ రెండు సూదుల్లో ఉన్నది చాలా చిన్నది. ఎంఆర్ సంగతైతే మరీ చిన్నది. తట్టు వైరస్‌కి ఉండే ప్రొటీన్లు పది కూడా లేవు, రుబెల్లాకి ఇంకా తక్కువ.

ఇది లెక్క మాత్రమే. నిజంగా పిల్లల్లో ఏం జరిగిందో చూడాలంటే రెండు పరిశోధనలు ఉన్నాయి. 2013లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు ఆటిజం ఉన్న 256 మంది పిల్లల్ని, లేని 752 మందిని తీసుకుని, రెండేళ్లలోపు ఎవరి ఒంట్లోకి టీకాల ద్వారా ఎంత వెళ్లిందో లెక్కగట్టారు. ఆ పిల్లల్లో కొందరికి మనం వాడే పాత రకం డీపీటీయే పడింది. అంటే మన పిల్లల స్థాయి లోడు కూడా ఆ లెక్కలో ఉంది. రెండు గుంపులకీ తేడా రాలేదు. 2018లో ఇంకొకరు వేరే ప్రశ్న వేశారు. ఎక్కువ టీకాలు పడిన పిల్లలు ఆ తర్వాత వేరే జబ్బులతో, అంటే టీకా లేని ఇన్ఫెక్షన్లతో ఎక్కువగా ఆసుపత్రికి వస్తున్నారా అని. రావడం లేదు. శక్తి అరిగిపోయి ఉంటే ముందు అక్కడే కనపడాలి.

గోదారి_తల్లి

మరి అంత తేలికైతే డీపీటీకి ఆ జ్వరం ఎందుకండీ? ఎదురింటి పాప రాత్రంతా ఏడ్చింది.

పిల్లల_డాక్టర్_ఖమ్మం

ఆ మొత్తం బాక్టీరియా వల్లే. మీరు వేయించిన నొప్పి తక్కువ టీకాలో అది లేదు కాబట్టి జ్వరం తగ్గింది. అయితే కోరింత దగ్గు నుంచి రక్షణ ఎక్కువ ఏళ్లు నిలిచేది పాత రకంతోనే. ఏది మంచిదని మా పిల్లల డాక్టర్లలోనే వాదనలు ఉన్నాయి. రెండింటిలో ఏదైనా సరే, వేయించకుండా ఉండొద్దు.

జ్వరం గురించి ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. డీపీటీ జ్వరం ఆ రోజు సాయంత్రమో మర్నాడో వచ్చి రెండు రోజుల్లో పోతుంది. ఎంఆర్ జ్వరం అలా రాదు. అది బలహీనపరిచిన బతికున్న వైరస్. ఒంట్లో కొంచెం పెరిగాకే శరీరం స్పందిస్తుంది. అందుకని వారం దాటాక, ఏడు నుంచి పన్నెండో రోజు మధ్యలో కొందరికి జ్వరం, అక్కడక్కడ దద్దుర్లు వస్తాయి. అప్పటికి అమ్మలు టీకా సంగతే మర్చిపోయి కంగారుపడతారు. మూడు నాలుగు వేల మందిలో ఒకరికి ఆ జ్వరంతో ఫిట్స్ కూడా రావచ్చు. చూడడానికి భయంకరంగా ఉంటుంది, మెదడుకి హాని చేయదు. ఇది దాచాల్సింది కాదు, ముందే చెప్పాల్సింది.

నాన్న_వరంగల్

డాక్టర్ గారూ, మీరు అన్నీ పరిశోధనలు చెబుతున్నారు. నేను నా కొడుకుని చెబుతాను. వాడికి ఇప్పుడు నాలుగేళ్లు. ఏడాదిన్నరకి బూస్టర్ వేయించాం. అప్పటికి నానా, బండి, పాలు అనేవాడు. సూది వేసిన తర్వాత నెలలోపే ఒక్కొక్క మాట ఆగిపోయింది. పిలిస్తే చూడడు. రోజంతా ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చునేవాడు. హైదరాబాద్ తీసుకెళ్తే ఆటిజం అన్నారు. దీన్ని ఎవరూ నాకు విడమరిచి చెప్పలేదు. "యాదృచ్ఛికం" అని ఒక్క మాట అనేసి పంపేశారు. ఇప్పుడు మాకు పది నెలల పాప ఉంది. పుట్టినప్పటివి, ఆరు వారాలవి వేయించాం. ఆ తర్వాత నా చేతులు రాలేదు, ఆపేశాను. బుజ్జిఅమ్మ గారూ, మీ ఇష్టం. నా కళ్లతో చూసింది మాత్రం నేను కాదనలేను.

సహజ_జీవనం

అన్నా, నీ బాధ అర్థమైంది. నేను మొదటి నుంచీ చెప్పేది అదే. ప్రకృతి ఇచ్చిన రక్షణని సూదులతో చెడగొడుతున్నాం. తట్టు సహజంగా వస్తే జీవితాంతం మళ్లీ రాదు, టీకాకి రెండు డోసులు కావాలి. పైగా తట్టు వచ్చిపోయిన తల్లుల నుంచి బిడ్డకి చేరే రక్షణ, టీకా వేసుకున్న తల్లుల నుంచి చేరే దానికన్నా ఎక్కువకాలం ఉంటుంది. ఇది నేను కల్పించింది కాదు, ఏ డాక్టర్‌నైనా అడగండి.

పిల్లల_డాక్టర్_ఖమ్మం

వరంగల్ నాన్నగారూ, ముందు మీకు రాస్తాను. మీరు చూసింది నిజం. ముందు సూది పడింది, తర్వాత మాటలు పోయాయి. ఆ వరుస ఎవరూ కాదనలేరు. "యాదృచ్ఛికం" అన్న ఒక్క మాటతో పంపేయడం మీకు సరైన జవాబు కాదు.

ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి, ఇంచుమించు నాలుగో వంతు మందికి, వచ్చిన మాటలు వెనక్కి పోతాయి. ఆ పోవడం ఎక్కువగా కనపడేది ఏడాదిన్నర దరిదాపుల్లో, 15 నుంచి 24 నెలల మధ్య. మన కార్డులో బూస్టర్ గడి 16 నుంచి 24 నెలలు. ఈ రెండు కాలాలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దేశంలో దాదాపు ప్రతి బిడ్డకీ ఆ వయసులో సూది పడుతుంది కాబట్టి, మాటలు పోయిన ప్రతి బిడ్డకీ కాస్త ముందు ఒక సూది ఉంటుంది. ఒక్క ఇంట్లో చూస్తే ఏది దేనివల్ల జరిగిందో తేలదు. మీ ఇంట్లోనే కాదు, ఏ డాక్టర్ ఇంట్లోనైనా అంతే.

తేలాలంటే సూదిని పక్కకి జరిపి చూడాలి. అలా ఒక దేశం తనకు తెలియకుండానే జరిపింది. ఎంఆర్‌కి గవదబిళ్లల టీకా కూడా కలిపితే ఎంఎంఆర్. జపాన్ 1993లో దాన్ని ఆపేసింది. కారణం ఆటిజం కాదు, అందులోని గవదబిళ్లల భాగం వల్ల మెదడు పొరల వాపు కేసులు వచ్చాయి. యొకొహామాలో అన్ని సంవత్సరాల పిల్లల్నీ ఒకే పద్ధతిలో పరీక్షించే ఏర్పాటు ఉంది. అక్కడ 1988లో పుట్టినవాళ్ల నుంచి ఎంఎంఆర్ వేయించుకోవడం తగ్గుతూ వచ్చి, 1993లో పుట్టినవాళ్లకి పూర్తిగా ఆగింది. ఆటిజం మాత్రం తగ్గలేదు, పెరుగుతూనే పోయింది. మాటలు వెనక్కి పోయే రకం కూడా తగ్గలేదు. సూది కారణమైతే సూది లేని పిల్లల్లో అది ఎక్కడి నుంచి వచ్చింది? ఈ పరిశోధన 2005లో అచ్చయింది.

మీ పాప విషయానికి ఇంకా దగ్గరగా ఉన్నది 2015లో అమెరికాలో చేసింది. 95 వేల పైచిలుకు పిల్లల్లో 1,929 మందికి అన్నకో అక్కకో ఆటిజం ఉంది. అంటే సరిగ్గా మీ పాప లాంటివాళ్లు. ఆ ఇళ్లలో కొందరు మీలాగే భయపడి చిన్నవాళ్లకి టీకా ఆపేశారు. టీకా వేయించుకున్న చెల్లెళ్లలో, తమ్ముళ్లలో ఆటిజం ఎక్కువ లేదు. వేయించుకోని వాళ్లలో తక్కువ లేదు. అన్నకి ఉంటే చెల్లెలికి అవకాశం మామూలుకన్నా ఎక్కువ, అది జన్యువులతో వచ్చేది. సూది ఆపితే ఆ అవకాశం తగ్గదు. తట్టు రక్షణ ఒక్కటే పోతుంది.

చిన్నారి_లోకం

నాన్న_వరంగల్ గారూ, నేనూ ఆటిజం ఉన్న పిల్ల తల్లినే. మా పాపకి ఆరేళ్లు. మీలాగే నేనూ ఎంఆర్‌నే అనుకున్నాను. స్పీచ్ థెరపిస్ట్ గారు మొదటి పుట్టినరోజు వీడియో ఉంటే తీసుకురమ్మన్నారు. ఫంక్షన్ హాల్లో మా మేనమామ తీసిన వీడియో చూశాం. కేక్ ముందు చుట్టూ ఇరవై మంది దాని పేరు పెట్టి పిలుస్తున్నారు. మా అమ్మ చప్పట్లు కొడుతోంది. పాప ఒక్కసారి కూడా తల తిప్పలేదు. టేబుల్ అంచుకి కట్టిన రిబ్బన్‌ని వేళ్ల మధ్య తిప్పుకుంటూ ఉంది. ఆరోజు మేమంతా జనాన్ని చూసి బెదిరింది అనుకున్నాం. ఎంఆర్ రెండో డోసు దానికి ఆరు నెలల తర్వాత పడింది.

మీ ఇంట్లో పాత వీడియోలు ఉంటే చూడండి. నాకైతే ఆ తర్వాత నా మీద నాకున్న కోపం తగ్గింది.

నాన్న_వరంగల్

మా దగ్గరా ఉన్నాయి అక్కా. వాడి మొదటి పుట్టినరోజుకి పిలిస్తే చూశాడు, నవ్వాడు. నేనే తీశాను. నాకు బాగా గుర్తు.

పిల్లల_డాక్టర్_ఖమ్మం

ఉండొచ్చండీ. చిన్నారి_లోకం గారి పాపలా అందరికీ వీడియోలో దొరకదు. పుట్టినరోజు నాటికి బాగానే ఉండి, ఆ తర్వాత నిజంగానే వెనక్కి వెళ్లిన పిల్లలు ఉన్నారు. వీడియోలతో చేసిన పరిశోధనల్లోనే అది రుజువైంది. కాబట్టి వీడియోలో వాడు నవ్వితే మీరు అబద్ధం చెప్పినట్టు కాదు, సూది చేసినట్టూ కాదు. మీ బాబుకి ప్రత్యేకంగా ఏ కారణం అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చాలామంది పిల్లల్లో ఏ ఒక్క కారణాన్నీ వేలెత్తి చూపలేని స్థితిలోనే వైద్యం ఉంది. ఎంఆర్ కాదు అన్నది మాత్రం ఇంతమంది పిల్లల్ని చూశాక గట్టిగా చెప్పగలను.

డాలస్_తెలుగోడు

బుజ్జిఅమ్మ గారి బావగారు పంపిన వీడియోలో చెప్పే కథ మొదలైంది లండన్‌లో. 1998లో వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల గురించి రాశాడు. టీకా కంపెనీల మీద కేసు వేస్తున్న లాయర్ల నుంచి అతనికి డబ్బులు అందాయని, పిల్లల రికార్డులకీ అతను రాసిన దానికీ పొంతన లేదని తర్వాత బయటపడింది. 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అతని పేరు డాక్టర్ల జాబితాలోంచి కొట్టేశారు.

మా టెక్సాస్‌లో 2025లో తట్టు వచ్చింది. టీకా వేయించని కుటుంబాలు ఎక్కువగా ఉన్న గెయిన్స్ కౌంటీలో మొదలై 762 కేసులు అయ్యాయి. బడికెళ్లే వయసు పిల్లలు ఇద్దరు చనిపోయారు. ఇద్దరికీ టీకా లేదు. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లంతా ఇండియా నుంచి టీకా కార్డుల ఫోటోలు తెప్పించుకుని డోసులు సరిచూసుకున్నాం.

పల్లె_ఏఎన్ఎం

నేను సబ్‌సెంటర్‌లో పనిచేస్తా. బుజ్జిఅమ్మ గారూ, మీ ఏఎన్ఎం మీద కోపం పెట్టుకోకండి, మాకు ఆ రోజు నిజంగా ఊపిరాడదు. ఓవర్‌లోడ్ కంటే మీరు అసలు చూడాల్సింది వేరే ఉంది.

ఎంఆర్ పొడి రూపంలో వస్తుంది, మేం నీళ్లు కలుపుతాం. కలిపాక నాలుగు గంటలే. ఆ పైన వాడకూడదు, మిగిలింది పారేయాలి. దాంట్లో క్రిములు పెరగకుండా ఆపే మందు ఏమీ ఉండదు, అలాంటిది వేస్తే టీకా వైరసే చచ్చిపోతుంది. అందుకే నిల్వ ఉంటే క్రిములు పెరిగి బిడ్డ ప్రాణం మీదకి వస్తుంది. కలిపిన టైమ్ సీసా మీద రాస్తాం. అది చూపించమని అడగండి, ఏ ఏఎన్ఎం కాదనదు. సీసాకి ఒక గుండ్రటి గుర్తు, దాని మధ్యలో చిన్న చదరం ఉంటాయి. చదరం చుట్టూ ఉన్న రంగుకంటే తెల్లగా ఉంటే టీకా వేడికి పాడవలేదని. చదరం కూడా అంతే ముదురైతే అది వాడం. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. చాలామంది బస్సు టైమ్ అని వెళ్లిపోతారు. అరుదుగా వచ్చే అలర్జీ చాలావరకు ఆ అరగంటలోనే వస్తుంది.

గోదారి_తల్లి

క్రిములు ఆపే మందు అంటే పాదరసమేనా? అది కూడా ఆటిజానికి కారణం అని చదివాను.

పిల్లల_డాక్టర్_ఖమ్మం

అదే, థయోమెర్సాల్. ఎంఆర్‌లో లేదు, ఏఎన్ఎం గారు చెప్పిన కారణంతోనే. ఎక్కువ డోసులుండే పెంటావాలెంట్, డీపీటీ సీసాల్లో ఉంటుంది. చేపల ద్వారా ఒంట్లో పేరుకునే పాదరసం వేరు, ఇది వేరు. ఇది రోజుల్లో బయటకి పోతుంది. డెన్మార్క్ 1992లో దాన్ని తీసేసింది, ఆ తర్వాత కూడా అక్కడ ఆటిజం పెరుగుతూనే ఉంది.

ఇక సహజ_జీవనం గారికి. మీరు చెప్పిన రెండు మాటలూ నిజమే. తట్టు వచ్చిపోతే మళ్లీ రాదు. తల్లి నుంచి వచ్చే రక్షణ విషయమూ నిజమే. అయితే అది ఏ తల్లి బిడ్డకైనా కొన్ని నెలలే. మనం మొదటి డోసు తొమ్మిది నెలలకి వేసేది ఆ లెక్క చూసే. అప్పటికి తల్లి రక్షణ కొంత మిగిలి ఉంటే టీకా సరిగ్గా అంటుకోదు, నూటికి పదిహేను మంది దాకా తప్పిపోతారు. రెండో డోసు ఆ తప్పిపోయినవాళ్ల కోసం, అంతేగాని మొదటిది అరిగిపోయిందని కాదు.

కానీ సహజంగా వచ్చే తట్టు తీసుకునే ధర చూడండి. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తం తట్టు రాకముందు, వచ్చాక పరీక్షించారు. 2019లో ఫలితాలు వచ్చాయి. వేరే జబ్బుల మీద అప్పటిదాకా సంపాదించుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం వరకు తట్టు తుడిచిపెట్టేసింది. టీకా వేసుకున్న పిల్లల్లో అలా జరగలేదు. సహజ రక్షణని చెరిపేసేది తట్టే. బుజ్జిఅమ్మ గారి అత్తయ్య కాలంలో కూడా తట్టు తగ్గిన తర్వాత నెలల తరబడి విరేచనాలు, నిమ్ము పట్టుకుని చిక్కిపోయిన పిల్లలు ఉండేవాళ్లు, ఆవిడనే అడగండి. తట్టు పోయింది కదా అని దాన్ని వేరే జబ్బు కింద లెక్కేశారు.

ఇంకొకటి. అన్ని జబ్బులూ వచ్చిపోతే రక్షణ ఇస్తాయని లేదు. ధనుర్వాతం వచ్చి బతికినవాళ్లకి కూడా టీకా వేయాల్సిందే. ఆ విషం ప్రాణం తీయడానికి ఎంత తక్కువ చాలంటే, అంత తక్కువని శరీరం గుర్తుపెట్టుకోలేదు.

సహజ_జీవనం

ధనుర్వాతం సంగతి ఒప్పుకుంటాను. తట్టు మీద ఆ 77 మంది పరిశోధన చదివి మళ్లీ రాస్తా. పిల్లలకి మంచి తిండి, విటమిన్ ఎ ఉంటే తట్టు అంత ప్రమాదం కాదన్న నా అభిప్రాయం ఇంకా మారలేదు.

పిల్లల_డాక్టర్_ఖమ్మం

విటమిన్ ఎ వల్ల తట్టు వచ్చిన బిడ్డ చనిపోయే ప్రమాదం తగ్గుతుంది, మేమూ ఇస్తాం. తట్టు రాకుండా మాత్రం ఆపదు. టెక్సాస్‌లో ఆ ఇద్దరికీ అంతకుముందు తెలిసిన జబ్బులేవీ లేవు. చదివి రాయండి, మాట్లాడుకుందాం.

బుజ్జిఅమ్మ_నరసరావుపేట

అందరికీ థాంక్స్ అండీ. మా ఆయనకి ఇదంతా చదివి వినిపించాను. బుధవారం వెళ్తున్నాం. అత్తయ్య మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. మీరు అడగమన్నట్టే తట్టు తర్వాత ఏమైంది అని అడిగితే, మా ఆయన తర్వాత పుట్టిన ఆడపిల్లకి తట్టు వచ్చి తగ్గాక విరేచనాలు పట్టుకుని పోయిందని చెప్పారు. ఇంతకాలం మాకెవరికీ చెప్పలేదు. అది తట్టు వల్ల కాదు, దిష్టి అంటున్నారు.

ఒక చిన్న డౌట్. పాపకి రెండు రోజుల నుంచి ముక్కు కారుతోంది. వాయిదా వేయాలా?

పల్లె_ఏఎన్ఎం

మామూలు జలుబుకి వాయిదా అక్కర్లేదు. ఒళ్లు కాలిపోయే జ్వరం ఉంటేనే ఆగుతాం. కార్డు మర్చిపోకండి.

నాన్న_వరంగల్

డాక్టర్ గారూ, రాత్రి ఆ వీడియోలు మళ్లీ చూశాను. పుట్టినరోజున వాడు బాగానే ఉన్నాడు. తర్వాత నెలల్లో తీసినవాటిలో కొన్ని చోట్ల నాకు అనుమానం వచ్చింది. నేను ఇప్పుడు వెతుకుతున్నా కాబట్టి కనపడుతోందేమో తెలియదు. ఎంఆర్ గురించి నా మనసు పూర్తిగా తేలిక పడలేదు. చెల్లెళ్లు, తమ్ముళ్ల పరిశోధన మాత్రం నాకు బలంగా తగిలింది. మా ఆవిడా నేనూ మాట్లాడుకున్నాం. పాపకి మధ్యలో ఆపేశాం కదా, మళ్లీ మొదటి నుంచి వేయాలా?

పిల్లల_డాక్టర్_ఖమ్మం

అక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే. పెంటావాలెంట్ రెండోది, దానితోపాటు పోలియో, రోటా, న్యుమోకాకల్ బాకీలు, ఎంఆర్ మొదటిది కూడా అదే రోజు వేయించుకోవచ్చు. నాలుగు వారాల గ్యాప్‌తో పెంటా మూడోది. ఒకేరోజు అన్ని సూదులు చూడలేను అనిపిస్తే ముందు ఎంఆర్ వేయించి, మిగతావి తర్వాతి బుధవారమో శనివారమో తీసుకెళ్లండి, ఏం పోదు. నెలలు మాత్రం జరగనివ్వొద్దు.

పాపని ఏడాదిన్నరకి, రెండేళ్లకి ఒకసారి ఆటిజం ప్రశ్నలతో పరీక్ష చేయించండి. అన్నకి ఉంది కాబట్టి ఇది టీకాతో సంబంధం లేకుండా చేయించాల్సిందే. పేరు పెట్టి పిలిస్తే తిరగడం, వేలితో చూపించి మీ ముఖం వైపు చూడడం, ఈ రెండూ ఇప్పటి నుంచే గమనిస్తూ ఉండండి. తేడా అనిపిస్తే ఆ వయసు దాకా ఆగక్కర్లేదు, వెంటనే రండి.

నాన్న_వరంగల్

కార్డు వెతుకుతున్నాం. శనివారం వెళ్తాం. సీసా మీద టైమ్ చూస్తాను.